నల్లా దగ్గర ఆగని మూల్యాంకనం: మర్రిగూడ వైపు ఒక ఊరి మంచినీళ్ల కేస్ స్టడీ

ఊరికి మంచినీటి పథకం వచ్చి కొన్నేళ్లయ్యాక అది పనిచేసిందా అని అడిగితే, ఫైలులో దొరికే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇన్ని కిలోమీటర్ల పైపు, ఇన్ని నల్లాలు, మనిషికి రోజుకు ఇన్ని లీటర్లు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ నల్లగొండ జిల్లాలో మంచినీటి కోసం జనం దశాబ్దాల పాటు కొట్లాడింది నల్లాల కోసం కాదు. పిల్లల పళ్లు గోధుమరంగుకు తిరగకూడదని, నలభై ఏళ్లకే నడుం వంగిపోకూడదని కొట్లాడారు. నల్లా ఎన్ని ఇళ్లకు వచ్చిందన్నది ఒక ప్రశ్న. పళ్లూ ఎముకలూ బాగుపడ్డాయా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మెట్లు మెట్లుగా విడదీసి చూపించే పద్ధతే లాజిక్ మోడల్. మర్రిగూడ వైపు ఒక ఊరిలో 2025లో మేం చేసిన మూల్యాంకనంలో దాన్ని ఎలా వాడామో, ఎక్కడ చిక్కులొచ్చాయో ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు కావాలనే చెప్పడం లేదు.

ముందు సమస్య సంగతి. పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతమంతా గ్రానైటు నేల. రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఆ రాయిలోని ఫ్లోరైడ్ కరుగుతుంది. బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ జనం తాగింది ఆ నీళ్లే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఇక్కడి బోర్లలో చాలావాటికి ఆ గీత ఎప్పుడో దాటింది. పటిక, సున్నం వేసి నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టి పిలుస్తుందంటే ఇక్కడి బాధ ఎంత పాతదో తెలుస్తుంది. ఆ తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో తేవాలన్న ఆలోచన బలపడింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో, అప్పటికి ఈ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్ దగ్గర ఆవిష్కరించారు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది దాని లక్ష్యం.

2015 ఏప్రిల్ నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 967 ఉండేవని, 2020 ఆగస్టుకు ఒక్కటీ లేదని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నిజంగా పెద్ద పనే అది. అయితే ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూడాలి. ఒక ఆవాసానికి సురక్షితమైన నీటి వనరు ఏర్పాటైతే జాబితాలోంచి పేరు పోతుంది. అంటే అది సరఫరా గురించిన అంకె. మనుషుల ఒంట్లో ఫ్లోరైడ్ తగ్గిందని దానికి అర్థం కాదు, తగ్గలేదని కూడా కాదు. ఆ సంగతి తెలియాలంటే వేరేగా వెతకాలి. మా పని అక్కడ మొదలైంది.

గీత ఎక్కడ గీయాలి

లాజిక్ మోడల్‌లో ఇన్‌పుట్స్, పనులు, అవుట్‌పుట్స్, అవుట్‌కమ్స్ అని నాలుగు గళ్లుంటాయి. కేంద్ర బడ్జెట్‌తో పాటు అవుట్‌కమ్ బడ్జెట్ ఇవ్వడం 2005-06లోనే మొదలైంది కాబట్టి ఈ మాటలు ఆఫీసుల్లో కొత్తేమీ కావు. అయినా గళ్లు నింపే దగ్గర తికమక వస్తూనే ఉంటుంది. మేం చూసిన పాత నివేదికల్లో "వంద శాతం ఇళ్లకు సురక్షిత నీరు" అన్న వాక్యం అవుట్‌కమ్ గడిలో ఉంది.

నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. ఈ సంగతి పథకం నడిపేవాళ్లు పట్టుబట్టి చేయిస్తే జరిగేదేనా, లేక వాళ్ల చేతిలో లేని మనిషి ఒకరు తన పద్ధతి మార్చుకుంటేనో, ఒక శరీరం మారితేనో జరిగేదా? మొదటిదైతే అవుట్‌పుట్, రెండోదైతే అవుట్‌కమ్. నల్లా బిగించడం, ట్యాంకు నింపడం, క్లోరిన్ వేయడం, నల్లాలో వచ్చే నీటిలో ఫ్లోరైడ్ 1 లోపు ఉంచడం, ఇవన్నీ పట్టుబడితే జరిగేవే. ఆ నీళ్లను ఇంటావిడ తాగే బిందెలో పోస్తుందా, బట్టలకు వాడుతుందా అన్నది ఏ ఇంజినీరు చేతిలోనూ లేదు. గీత అక్కడ పడుతుంది.

ఆ లెక్కన మా ఊరి గొలుసు ఇలా తయారైంది. ఇన్‌పుట్స్: కృష్ణా నీళ్లు, డబ్బు, కరెంటు, క్లోరిన్, లైన్‌మన్, ఊళ్లో నీళ్లు వదిలే మనిషి. పనులు: నీటిని శుద్ధి చేయడం, ట్యాంకు దాకా తేవడం, వంతులవారీగా వదలడం, పైపుల రిపేర్లు. అవుట్‌పుట్: నల్లాలో, రోజూ, సరిపడా, ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లు. తొలి అవుట్‌కమ్: తాగడానికీ వంటకూ ఆ నీళ్లనే వాడడం. నడిమి అవుట్‌కమ్: రోజుకు ఒంట్లోకి వెళ్లే మొత్తం ఫ్లోరైడ్ తగ్గడం. చివరి అవుట్‌కమ్: నీళ్లొచ్చాక పుట్టిన పిల్లల పళ్లు బాగుండడం, ఇంకా ఏళ్లు గడిస్తే ఎముకలు గట్టిగా ఉండడం.

రాసేటప్పుడు ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. అసలు విషయం ఒక గడి నుంచి ఇంకో గడికి గీసే బాణంలో ఉంటుంది. ప్రతి బాణం కింద ఒక నమ్మకం దాగి ఉంటుంది. "నల్లాలో మంచినీళ్లొస్తే జనం అవే తాగుతారు" అన్నది ఈ గొలుసులో ఉన్న అతి పెద్ద నమ్మకం. దాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి ఎవరూ పరీక్షించలేదు కూడా.

అవుట్‌పుట్‌లోనే ఒక మెలిక

అవుట్‌కమ్ దాకా వెళ్లకముందే నల్లా దగ్గర ఒక విషయం బయటపడింది. ఊళ్లో నల్లాకు నీళ్లిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకుకు పాత బోరు పైపు కూడా కలిపే ఉంది. పైనుంచి వచ్చే లైన్ రిపేరుకొచ్చిన రోజున, అక్కడి పంపులకు కరెంటు పోయిన రోజున ఊళ్లో బోరు మోటరు వేసి అదే ట్యాంకు నింపుతారు. ఊరికి నీళ్లు ఆగకూడదన్న మంచి ఉద్దేశంతో చేసే పనే ఇది. కానీ ఆ రోజు నల్లాలో వచ్చేది కలిపిన నీళ్లు. నల్లా అదే, ఫ్లోరైడ్ వేరు. ఏదో ఒక రోజు పొద్దున వెళ్లి ఒక నల్లా దగ్గర ఒక సీసా పట్టుకొస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

అందుకే "నల్లా ఉన్న ఇళ్లు" అన్న సూచికను పక్కనపెట్టి "నెలలో ఎన్ని రోజులు బోరు కలవని నీళ్లు వచ్చాయి" అన్నదాన్ని అవుట్‌పుట్‌గా తీసుకున్నాం. దీనికి నీళ్లు వదిలే మనిషి దగ్గరున్న నోటుబుక్కే ఆధారం. బోరు మోటరు వేసిన రోజులకు ఎర్రపెన్నుతో గీత కొట్టమని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. అతని బుక్కును నమ్మవచ్చా అన్న అనుమానం తీర్చుకోవడానికి గీత కొట్టిన రోజుల్లోనూ కొట్టని రోజుల్లోనూ నల్లా నీళ్లు పట్టి పరీక్షించాం. సరిపోయింది.

పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఊళ్లలో వాడే రంగు కిట్టులో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ద్రావణం రంగు అంత వెలిసిపోతుంది. క్లోరిన్ కూడా ఆ రంగును వెలిసేలా చేస్తుంది. అప్పుడే క్లోరిన్ వేసి వదిలిన నల్లా నీళ్లను నేరుగా కిట్టులో పోస్తే, లేని ఫ్లోరైడ్ ఉన్నట్టు చూపిస్తుంది. మంచినీళ్లు చెడ్డవిగా కనిపిస్తాయి. ముందు క్లోరిన్‌ను తీసేసి ఆ తర్వాతే పరీక్ష చేయాలి. ల్యాబ్‌కు పంపేవైతే గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజుతో ఫ్లోరైడ్‌కు పడదు. కిట్టు అంకెను మేం వడపోతకే వాడి, చివరి లెక్కకు ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో కొలిచిన అంకెలే తీసుకున్నాం.

గ్లాసులో నీళ్లు

తొలి అవుట్‌కమ్ కొలవడానికి మామూలుగా అడిగే ప్రశ్న "మీరు నల్లా నీళ్లు తాగుతారా?" అన్నది. దీనికి అందరూ అవుననే అంటారు. అడిగేవాడు సర్కారు మనిషిలా కనబడితే ఇంకా గట్టిగా అంటారు. మా ప్రశ్న వేరు. ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాక తాగడానికి మంచినీళ్లు అడిగేవాళ్లం. ఎవరింట్లోనైనా కాదనరు. గ్లాసు చేతికొచ్చాక, ఇందులో కొంచెం పరీక్షకు పట్టుకుంటాం అని చెప్పి, ఒప్పుకుంటేనే సీసాలో పోసుకునేవాళ్లం. అన్నం వండే నీళ్లు ఏ పాత్రలోవో చూపించమని అందులోంచీ పట్టేవాళ్లం. అంటే నీళ్లను నల్లా దగ్గర కాదు, నోటి దగ్గర కొలిచాం.

ఆ సీసాలోని ఫ్లోరైడే అది ఎక్కడి నీళ్లో చెప్పేస్తుంది. ఆర్‌ఓ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ నీళ్లయితే ఫ్లోరైడ్ దాదాపు ఏమీ ఉండదు, నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు కూడా బాగా తక్కువ చూపిస్తుంది. నది నీళ్లయితే కొద్దిగా ఉంటుంది. బోరువైతే రెండూ పైకి వెళ్తాయి. మనిషి చెప్పిన జవాబు మీద ఆధారపడనక్కర్లేదు. అయితే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు. ఏ వనరో గుర్తుపట్టడానికి సాయం చేస్తుందంతే. టీడీఎస్ తక్కువుంటే ఫ్లోరైడ్ లేదని తీర్పు చెప్పేవాళ్లను చూశాను, అది తప్పు.

గ్లాసులు పరీక్షించాక ఊరు మూడు గుంపులుగా కనిపించింది. నల్లా నీళ్లే తాగి నల్లా నీళ్లతోనే వండుకునే ఇళ్లు కొన్ని. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్, వంటకు నల్లానో బోరో వాడే ఇళ్లు కొన్ని. ఇంట్లో నల్లా ఉన్నా తాగడానికీ వంటకూ బోరు నీళ్లే తెచ్చుకునే ఇళ్లు ఇంకొన్ని, అన్నింట్లోకీ తక్కువ. ఫైలు ప్రకారం ఈ మూడు గుంపులూ ఒకటే, ఎందుకంటే అందరి వాకిట్లోనూ నల్లా ఉంది.

ఎందుకలా అని అడిగితే ఒక ముసలావిడ చెప్పిన మాట రాసుకున్నాను. "నల్లా నీళ్లు సప్పగుంటయి బిడ్డా. పుట్టినప్పటి సంది బోరు నీళ్లు తాగిన నోరు. గివి తాగితే దూప తీరదు." ఆమెది మొండితనమని నేననుకోను. లవణాలున్న నీటికి అలవాటుపడ్డ నాలుకకు నది నీళ్లు చప్పగానే ఉంటాయి. మరికొందరు క్లోరిన్ వాసన గురించి చెప్పారు. ఆ వాసన బిందెలో మూత తీసి కాసేపు ఉంచితే తగ్గుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. క్యాన్ కొనేవాళ్లు చెప్పిన కారణం వేరు: మధ్య మధ్య నల్లాలో వచ్చే నీళ్ల రుచి మారుతోంది, అందుకే నమ్మకం లేదని. బోరు నీళ్లు కలిసిన రోజులను వాళ్లు నాలుకతోనే పట్టేశారన్నమాట. అవుట్‌పుట్‌లో నెలకు కొన్ని రోజులు వచ్చిన తేడా, అవుట్‌కమ్‌లో ఏడాది పొడవునా తప్పుకోవడంగా మారింది. పైన చెప్పిన నోటుబుక్కు గీతలకు అసలు విలువ ఇక్కడ తెలిసింది.

పత్తి చేను దగ్గర లెక్క తప్పుతుంది

ఇంటి గ్లాసుతో పని అయిపోలేదు. ఈ ఊళ్లో పెద్దవాళ్లు రోజులో ఎక్కువసేపు ఇంట్లో ఉండరు. పత్తి ఏరడానికి, బత్తాయి తోటలకు, నాట్లకు పోతారు. పొద్దున్నే పోయినవాళ్లు ఎండలో తాగేది చేను దగ్గర బోరు మోటరు నీళ్లు. అవి పథకంలో లేవు, ఆవాసాల జాబితాలో లేవు, మా మొదటి గొలుసులో కూడా వాటికి గడి లేదు.

దీన్ని ఒక లెక్కగా చూద్దాం. గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. బోరు నీటిలో లీటరుకు 3.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, నల్లా నీటిలో 0.4 అనుకుందాం. కూలికి పోయే ఒక మనిషి రోజుకు మూడు లీటర్లు తాగుతుంది, అన్నం, పప్పు, చారు ద్వారా ఇంకో లీటరు నీళ్లు ఒంట్లోకి వెళ్తాయి. మొత్తం నాలుగు లీటర్లు. పథకం రాకముందు అన్నీ బోరు నీళ్లే, కాబట్టి రోజుకు 14 మిల్లీగ్రాములు. పథకం వచ్చాక అన్నీ నల్లా నీళ్లయితే 1.6. ఇది కాగితం మీది విజయం. కానీ ఆమె ఇంట్లో ఒక లీటరు తాగి, చేను దగ్గర రెండు లీటర్లు తాగి, వంట నల్లా నీళ్లతో చేసుకుంటే ఎంత? ఇంట్లో 0.4, వంటలో 0.4, చేను దగ్గర 7. మొత్తం 7.8.

అంటే నల్లా నూటికి నూరు ఇళ్లకు వచ్చినా ఆమె ఒంట్లోకి వెళ్లే ఫ్లోరైడ్ సగం కూడా తగ్గలేదు. రోజుకు మొత్తం 14 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే ఎముకలకు నష్టం ఖాయమని, 6 దాటినా ముప్పు పెరుగుతున్నట్టు ఆధారాలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పై లెక్కలో ఆమె 14 దగ్గర్నుంచి దిగింది, 6 దాకా దిగలేదు. ఇందులో టీ, తిండి గింజల ద్వారా వచ్చే ఫ్లోరైడ్‌ను కలపనే లేదు. ఇదే లెక్కలో ఆమె ఇంటి నుంచి రెండు లీటర్ల డబ్బా నింపుకుని పోతే మొత్తం మళ్లీ 1.6కు వస్తుంది. పైపులకు పెట్టిన ఖర్చంతా ఫలితంగా మారడానికి మిగిలింది ఆ డబ్బా ఒక్కటే.

మరి డబ్బా ఎందుకు తీసుకుపోవడం లేదు? దీనికి జవాబు నీళ్లు వదిలే వేళలో దొరికింది. ఊళ్లో ఒక వైపు వాడలకు నీళ్లు పొద్దున తొమ్మిది దాటాక వచ్చేవి. అప్పటికే కూలి ఆటో వెళ్లిపోయి ఉంటుంది. నిన్నటి నీళ్లు బిందెలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆటో పోయే లోపు నీళ్లొచ్చే వాడల్లో డబ్బాతో పోయేవాళ్లు స్పష్టంగా ఎక్కువ కనిపించారు. వంతుల వేళ మార్చడానికి పైసా ఖర్చు లేదు. నివేదికలో మేం మొదటి సూచనగా రాసింది అదే.

శరీరంలో ఎప్పుడు కనిపిస్తుంది

అవుట్‌కమ్ కొలిచేటప్పుడు దేన్ని అన్నదానితో పాటు ఎవరిలో, ఎప్పుడు అన్నవీ తేల్చుకోవాలి. ఫ్లోరోసిస్ విషయంలో ఇది తప్పితే మంచి పథకాన్ని చెడ్డదంటాం, చెడ్డదాన్ని మంచిదంటాం.

మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షను తీసుకోండి. ఇవాళ తాగే నీళ్లు మారితే త్వరగా మారే సూచిక ఇదే. అందుకని ఊళ్లో పెద్దవాళ్ల మూత్రం పరీక్షిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ముప్పై ఏళ్లు బోరు నీళ్లు తాగిన మనిషి ఎముకల్లో ఫ్లోరైడ్ నిల్వ ఉంటుంది. నీళ్లు మారాక అది ఏళ్ల పాటు కొద్దికొద్దిగా బయటికొస్తూనే ఉంటుంది. ఆ మనిషి ఇవాళ శుభ్రంగా నల్లా నీళ్లే తాగుతున్నా పరీక్షలో అంకె పైకే కనిపించవచ్చు. దాన్ని చూసి పథకం విఫలమైందని రాస్తే అన్యాయం. అందుకే మేం అంగన్‌వాడీ పిల్లలను తీసుకున్నాం. వాళ్లు నీళ్లొచ్చాక పుట్టినవాళ్లు, ఎముకల్లో పాత బాకీ లేదు, చేనుకు పోరు. వాళ్లలో అంకె ఎక్కువుందంటే ఆ ఇంట్లో ఇప్పుడు కూడా బోరు నీళ్లు వాడుతున్నారని అర్థం. అలా ఎక్కువ కనిపించిన పిల్లల ఇళ్లకు వెళ్తే కొన్నిచోట్ల తాగేది క్యాన్ నీళ్లే అయినా అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో ఉడుకుతున్నాయి. క్యాన్ ఉందన్న ధీమాతో వంట నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పళ్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. నోటి ముందువైపు శాశ్వత పళ్ల మీది పింగాణీ పొర తయారయ్యేది పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల లోపు. ఆ కాలంలో ఎక్కువ ఫ్లోరైడ్ వెళ్తే మచ్చ పడిపోతుంది. ఆ పళ్లు బయటికి కనిపించేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. ఒకసారి పడిన మచ్చ నీళ్లు మారితే పోదు. మా ఊరికి నల్లా నీళ్లు 2018లో వచ్చాయి. 2020లో బడికి వెళ్లి ఐదో తరగతి పిల్లల పళ్లు చూసినవాళ్లకు మచ్చలే కనిపిస్తాయి. అవి పథకం రాకముందు పడినవి. పథకం ఫలితం చూడాలంటే 2018లో, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు శాశ్వత దంతాలు రావాలి. అంటే 2024-25 కంటే ముందు ఎవరు ఈ ఫలితాన్ని కొలిచామన్నా నమ్మనక్కర్లేదు.

మేం బడిలో పిల్లలను తరగతులుగా కాకుండా పుట్టిన సంవత్సరాలుగా విడదీశాం. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని పంటి డాక్టరుతో, మచ్చల తీవ్రతకు మార్కులు వేసే డీన్ సూచిక ప్రకారం చూపించాం. ముఖం చూస్తే వయసు తెలిసిపోతుంది కాబట్టి పళ్లు మాత్రమే కనిపించేలా తీసిన ఫొటోలు కలగలిపి రెండోసారి మార్కులు వేయించాం. పంటి మీద ప్రతి మచ్చా ఫ్లోరోసిస్ కాదు. ఫ్లోరోసిస్ అయితే రెండు పక్కలా ఒకే జత పళ్లకు ఒకేలా ఉంటుంది. ఒక్క పంటికే ఉంటే చిన్నప్పుడు తగిలిన దెబ్బో, పాలపన్ను చీము పట్టడమో అయి ఉండవచ్చు.

పథకమే కారణమైతే మచ్చలు తగ్గడం ఎలా కనిపించాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాం. 2012 దాకా పుట్టినవాళ్లలో మార్పు ఉండకూడదు, ఎందుకంటే నీళ్లొచ్చేసరికి వాళ్ల ముందు పళ్లు తయారైపోయాయి. 2014 నుంచి 2017 మధ్య పుట్టినవాళ్లలో కొంచెం కొంచెంగా తగ్గాలి. 2018 నుంచి బాగా తగ్గాలి. అలా కాకుండా 2012 నాటి పిల్లల్లోనే తగ్గుదల మొదలైతే కారణం నల్లా కాదు, అంతకుముందే ఊళ్లోకి వచ్చిన ఆర్‌ఓ ప్లాంటు అయ్యుండాలి. ఇలా ముందుగా రాసుకోకపోతే, వచ్చిన అంకెలకు తగ్గ కథ తర్వాత ఎవరైనా అల్లగలరు.

కనిపించింది చాలావరకు మొదటి రకమే. పెద్ద తరగతుల్లో గోధుమ మచ్చలు ఇప్పటికీ మామూలే. చిన్న తరగతుల్లో అవి అరుదు, ఉన్నా తెల్లటి మసక గీతల స్థాయిలోనే ఉన్నాయి. కానీ శాశ్వత దంతాలు వచ్చిన చిన్నపిల్లల సంఖ్య ఇంకా తక్కువ. ఒకరిద్దరు అటూఇటూ అయితే శాతం తారుమారవుతుంది. అందుకని నివేదికలో శాతాలు రాయకుండా ఒక్కో పిల్లవాడిని ఒక్కో చుక్కగా పెట్టి, పుట్టిన సంవత్సరం వారీగా బొమ్మ గీశాం. శాతాలు కావాలని పైనుంచి చాలా ఒత్తిడి వచ్చినా ఇవ్వలేదు.

ఇందులో పథకం వాటా ఎంత

పోల్చడానికి నీళ్లు రాని ఊరు దొరకలేదు. చుట్టుపక్కల అన్నిటికీ ఒకే కాలంలో వచ్చాయి. ఊళ్లోనే నల్లా తాగే ఇళ్లనూ క్యాన్ కొనే ఇళ్లనూ పోల్చితే ఇంకో చిక్కు. క్యాన్ కొనేవాళ్లకు కాస్త డబ్బుంటుంది, పాలు, గుడ్లు కొంటారు. కాల్షియం బాగా అందితే ఫ్లోరైడ్ నష్టం కొంత తగ్గుతుంది. కాబట్టి పళ్లు బాగుండడానికి కారణం నీళ్లా, పాలా అన్నది విడదీయలేం.

ట్యాంకుకు దగ్గరి వాడలు, చివరి వాడలు అన్న పోలిక కొంత మేలు. నీళ్ల ప్రెషర్ ఎవరూ ఎంచుకున్నది కాదు, పైపు ఎత్తుపల్లాలను బట్టి వచ్చింది. పైగా మధ్య ఇళ్లవాళ్లు కొందరు నల్లాకు మోటరు బిగిస్తే చివరి ఇళ్లకు ధార సన్నబడుతుంది. కానీ చివరి వాడ ఎస్సీ కాలనీ. అక్కడ తిండి, కూలి, ఇల్లు అన్నీ వేరుగా ఉన్నాయి. కాబట్టి ఆ పోలిక కూడా నీటి సంగతి ఒక్కదాన్నే చెప్పదు. పుట్టిన సంవత్సరాల పోలికనే మేం ఎక్కువ నమ్మాం, ఎందుకంటే అందులో ఒకే ఇంట్లోని అన్నా చెల్లెళ్లు కూడా ఉన్నారు. ఇల్లు అదే, తిండి అదే, పెద్దవాడు నీళ్లు రాకముందు పుట్టాడు, చిన్నది వచ్చాక పుట్టింది. అలాంటి జతలు కొన్నే దొరికినా, దొరికినంతవరకు అవే మా దగ్గరున్న గట్టి సాక్ష్యం.

తుది మాట రాసేటప్పుడు "పథకం వల్ల ఫ్లోరోసిస్ తగ్గింది" అని రాయలేదు. నీళ్లొచ్చాక పుట్టిన పిల్లల్లో పంటి ఫ్లోరోసిస్ తగ్గుతున్నట్టు కనిపిస్తోందని, అందులో నల్లా నీళ్ల పాత్ర ఉందని, ఆర్‌ఓ నీళ్ల పాత్ర కూడా ఉందని, కూలికి పోయే పెద్దవాళ్లకు అందిన రక్షణ ఇంకా సగమేనని రాశాం. సమావేశంలో ఒక అధికారి "ఇది పాసా ఫెయిలా, ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు. నల్లా దాకా పాస్, ఇంట్లో గ్లాసు దాకా చాలావరకు పాస్, చేను దాకా ఇంకా పోలేదు అని చెప్పాం. ఏ గడి దగ్గర ఆగిందో తెలిస్తేనే దేన్ని బాగుచేయాలో తెలుస్తుంది. పైపులు మళ్లీ వేయాల్సిన పని ఈ ఊళ్లో ఏమీ లేదు. వంతుల వేళ మార్చాలి, ట్యాంకుకు బోరు కలిపే పైపుకు వాల్వు పెట్టి, వేసిన రోజు ఊరికి చెప్పాలి, అంగన్‌వాడీలో వంట నీళ్ల గురించి తల్లులకు చెప్పాలి.

ఒక గుంపును మాత్రం ఈ గొలుసులో ఎక్కడా పెట్టలేకపోయాం. ఎముకలు ఇప్పటికే వంగిపోయిన పెద్దవాళ్లు. ఎంత మంచినీళ్లిచ్చినా ఆ వంకర పోదు. వాళ్లను అవుట్‌కమ్‌లో కలిపితే పథకం ఎప్పటికీ ఓడినట్టే కనిపిస్తుంది, వదిలేస్తే వాళ్లే లేనట్టవుతుంది. వాళ్లకు కావాల్సింది నొప్పికి వైద్యం, ఫిజియోథెరపీ, పింఛను, బాత్‌రూంకు పోవడానికి పట్టుకునే కమ్మీ. దానికి వేరే ఇన్‌పుట్స్, వేరే అవుట్‌కమ్స్ ఉన్న వేరే గొలుసు గీయాలి. నివేదిక చివర అనుబంధంగా ఆ గొలుసు మొదటి ముసాయిదా గీసి పెట్టాం, దానికి ఏ శాఖ బాధ్యత తీసుకోవాలన్న గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.